ఒక జాతి ఎలా ఏర్పడుతుంది? బార్కాస్ అరబ్బుల ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణంగా, చాంద్రాయణగుట్ట దగ్గర బార్కాస్ ఉంది. నిజాం కొలువులోని అరబ్ సైనికులు కాపురమున్న పేట అది. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంటోంది. నగరంలో చాలామంది వాళ్లను చావుష్‌లు అంటారు. వాళ్ల ప్రస్తావన వస్తే తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "వీళ్లు నిజంగా అరబ్బులేనా?" ఆ ప్రశ్నకు, దాని వెంట వచ్చే మరికొన్నింటికి నాకు తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను. ఒక జాతి ఎలా పుడుతుందో, ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి మన నగరంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

జాతి సమూహం అంటే ఏమిటి?

తామంతా ఒకే మూలం నుంచి వచ్చామని నమ్మే మనుషుల సమూహం. ఇక్కడ బరువంతా నమ్మకం మీదే ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వందేళ్ల కిందటే ఈ మాట చెప్పాడు. మూలం నిజంగా ఒకటా కాదా అన్నది ముఖ్యం కాదని, ఒకటేనన్న నమ్మకం ఉంటే మనుషులు ఆ నమ్మకాన్ని బట్టి కలిసి నడుస్తారని ఆయన గమనించాడు. ఇంకో సంగతి కూడా ఆయన గుర్తించాడు: చాలాసార్లు మనుషులు ముందు ఏదో అవసరం కొద్దీ కలుస్తారు, ఒకే మూలం అన్న నమ్మకం ఆ తర్వాత పుడుతుంది. యుద్ధమో, కొలువో, వలసో వాళ్లను ఒకచోట చేరుస్తుంది. కథ వెనకాల వస్తుంది. బార్కాస్‌లో జరిగింది అచ్చం ఇదే.

బార్కాస్ అరబ్బులు ఎక్కడి నుంచి వచ్చారు?

ఎక్కువమంది హద్రమౌత్ నుంచి వచ్చారు. అది యెమెన్ తూర్పు భాగంలో, అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం. తీరాన ముకల్లా, షిహ్ర్ అనే ఓడరేవులున్నాయి. లోపలి లోయలో షిబామ్, సైయున్, తరీమ్ పట్టణాలున్నాయి. వానలు తక్కువ, పొలాలు తక్కువ, తెగల మధ్య పోరు ఎక్కువ. అందుకే అక్కడి మగవాళ్లు తరతరాలుగా సముద్రం దాటి వెళ్లేవారు. కొందరు జావా వైపు, కొందరు తూర్పు ఆఫ్రికా తీరానికి, కొందరు దక్కన్‌కు. జావాకు వెళ్లినవాళ్లలో వ్యాపారులు, మతగురువులు ఎక్కువ. దక్కన్‌కు వచ్చినవాళ్లలో సిపాయిలు ఎక్కువ. 19వ శతాబ్దంలో నిజాం కొలువులో వాళ్ల బలం ఎంత పెరిగిందంటే, వాళ్ల దళాలను నడిపే జమేదార్లు ప్రభువులకే అప్పులిచ్చే స్థితికి వచ్చారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్లను అదుపులోకి తేవడానికి చాలా శ్రమపడ్డాడు.

అంటే వాళ్లు ఒక జాతిగానే ఇక్కడికి వచ్చారు కదా?

లేదు. ఈ జవాబులన్నిటిలో ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హద్రమౌత్‌లో ఉన్నప్పుడు వాళ్లు తమను మొదట తెగ పేరుతో చెప్పుకునేవారు. యాఫియీలు వేరు, కసీరీలు వేరు, అవ్లకీలు వేరు. వాళ్ల మధ్య స్నేహం కంటే కత్తులే ఎక్కువ మాట్లాడేవి. నిజాం కొలువులో పేరుపొందిన జమేదార్లలో ముగ్గురిని చూడండి. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఅయితీ యాఫియీ. గాలిబ్ బిన్ ముహ్సిన్ కసీరీ. అబ్దుల్లా బిన్ అలీ అవ్లకీ. ముగ్గురూ హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బును సొంతగడ్డకు పంపి, అక్కడ అధికారం కోసం సైన్యాలు నడిపించారు. ఆ పోరులో చివరికి ఖుఅయితీ వంశానిదే పైచేయి అయింది. వాళ్లు ముకల్లా, షిహ్ర్ రాజధానులుగా రాజ్యం స్థాపించారు. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. అరేబియా తీరంలో ఒక సుల్తాన్ రాజ్యానికి పునాది మన నగరంలోని జీతాల డబ్బుతో పడిందన్న సంగతి హైదరాబాదీలలోనే ఎంతో మందికి తెలియదు.

ఇక ఇక్కడి సంగతి. ఈ నగరంలో ఎవరికీ యాఫియీకీ కసీరీకీ తేడా తెలియదు. నిజాం లెక్కల్లో వాళ్లంతా అరబ్ సిపాయిలు. బజారులో జనం నోట చావుష్‌లు. జీతం ఒకే ఖజానా నుంచి, కాపురం ఒకే చోట, పండగలు ఒకేచోట. సొంతగడ్డ మీద పోరు సాగుతూనే ఉన్నా, ఇక్కడ పుట్టిన పిల్లలకు అది తాతలు చెప్పిన కథగా మిగిలింది. వాళ్లకు రోజూ ఎదురయ్యే తేడా వేరు: తాము అరబ్బులు, పక్కవాళ్లు కారు. రెండు మూడు తరాల్లో తెగలు వెనక్కి తగ్గి, 'అరబ్' ముందుకు వచ్చింది. కాబట్టి 'హైదరాబాద్ అరబ్' అనే జాతి హద్రమౌత్‌లో పుట్టలేదు. హైదరాబాద్‌లో పుట్టింది.

వాళ్లు ఇక్కడి స్త్రీలనే పెళ్లి చేసుకున్నారు. మరి రక్తం లెక్కన ఎంత అరబ్బులు?

సిపాయిలుగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒంటరి మగవాళ్లు. దక్కన్ స్త్రీలను పెళ్లాడారు. పరదేశి తల్లికి పుట్టిన బిడ్డను హద్రమౌత్‌లో మువల్లద్ అంటారు. బార్కాస్ మొత్తం మువల్లద్‌ల పేటే.

లెక్క వేసి చూద్దాం. 1850 ప్రాంతంలో వచ్చిన ఒక సిపాయి అనుకోండి. అతను, అతని కొడుకు, మనవడు, ఇలా ప్రతి తరంలోనూ మగవాళ్లు స్థానిక స్త్రీలనే పెళ్లాడారనుకుందాం. కొడుకులో అరబ్ వాటా సగం, మనవడిలో పావు, అలా ఆరో తరానికి వచ్చేసరికి 64లో 1 వంతు. అదే ఆ కొడుకు మరో మువల్లద్ కూతురిని పెళ్లాడి, వాళ్ల పిల్లలు కూడా అలాగే చేస్తూ పోతే ఆ వాటా సగం దగ్గరే నిలుస్తుంది. ఇప్పుడు ఈ రెండు ఇళ్ల కుర్రాళ్లు ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చున్నారనుకోండి. ఇద్దరి పేర్లలోనూ 'బిన్' ఉంది. ఇద్దరూ సమానంగా అరబ్బులే. ఒకరిలో రక్తం వాటా మరొకరి కంటే ముప్ఫై రెండు రెట్లు ఎక్కువని అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఇంకో ఉదాహరణ దీనికంటే గట్టిది. ఒక అరబ్ పెద్దాయనకు కొడుకు, కూతురు ఉన్నారు. కొడుకు అరబ్ కాని అమ్మాయిని పెళ్లాడాడు. కూతురు అరబ్ కాని అబ్బాయిని పెళ్లాడింది. ఇద్దరికీ పిల్లలు పుట్టారు. తాత నుంచి ఆ పిల్లలకు అందిన రక్తం సమానమే. కానీ కొడుకు బిడ్డ తాత వంశం పేరు పెట్టుకుని అరబ్ అవుతాడు. కూతురి బిడ్డ తన తండ్రి పేరు పెట్టుకుని మరొకడవుతాడు. రక్తమే అసలు కొలత అయితే ఇలా జరగకూడదు. ఇక్కడ పని చేస్తున్నది వంశాన్ని తండ్రి వైపు నుంచే లెక్కించాలన్న నియమం. ఎవరిని గుర్తుంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి అని చెప్పే నియమం అది. మనకు కొత్త కాదు; మన ఇంటిపేర్లూ గోత్రాలూ ఇలాగే నడుస్తాయి. ఏడు తరాల తాతల పేర్లు చెప్పగలవాళ్లు కూడా ముత్తవ్వ పుట్టింటి పేరు దగ్గర ఆగిపోతారు.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా?

ఏది తేలాలన్నదాన్ని బట్టి ఉంటుంది. మగవాళ్లలోని వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కు దాదాపు మారకుండా వెళుతుంది. దాన్ని మాత్రమే చూస్తే, పైన చెప్పిన 64లో 1 వంతు కుర్రాడి మూలం కూడా అరేబియానే అని రావచ్చు. మైటోకాండ్రియల్ డీఎన్ఏ తల్లి వైపు నుంచి వస్తుంది. దాన్ని చూస్తే అదే కుర్రాడు నికార్సైన దక్కనీ. రెండు ఫలితాలూ సరైనవే. ఏ గీతను పట్టుకుని వెనక్కి వెళ్లాలో ప్రయోగశాల చెప్పదు, సమాజం చెబుతుంది. వలసల చరిత్ర తెలుసుకోవడానికి ఈ పరీక్షలు ఎంతో పనికొస్తాయి. ఎవరు ఏ జాతి అని తీర్పు చెప్పడానికి పనికిరావు.

అరబిక్ మాట్లాడరు కదా? భాష పోయాక ఏం మిగులుతుంది?

ఇళ్లలో ఎక్కువగా వినిపించేది దక్కనీ ఉర్దూ. తల్లులు ఇక్కడివాళ్లు కాబట్టి పిల్లల మొదటి భాష ఇక్కడిదే అయింది. ఒంటరి మగవాళ్లు వలస వచ్చిన చోట సాధారణంగా జరిగేది ఇదే: పేరు తండ్రిది, మాట తల్లిది.

భాష పోయినా పేర్లు మిగిలాయి. 'బా'తో మొదలయ్యే బావజీర్ లాంటి ఇంటిపేర్లు, అమూదీ, యాఫయీ లాంటి పేర్లు వినగానే మూలం చెప్పేస్తాయి. తిండి మిగిలింది. గోధుమలను మాంసంతో గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్‌ను బార్కాస్‌లో ఉప్పుతో ఒక రకంగా, చక్కెరతో ఒక రకంగా తింటారు. నగరమంతా తినే హలీమ్‌కు మసాలాలు చేరకముందు రూపం అదే. ఆ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అన్నిటికంటే గట్టిగా మిగిలింది మర్ఫా. పెళ్లి ఊరేగింపులో చూడండి. కొందరు డప్పులు పట్టుకుంటారు, ఒకరిద్దరు లోహపు బిందెల మీద కొడతారు. మొదట నెమ్మదిగా మొదలై వేగం పుంజుకుంటుంది. ముందు వరుసలో మగవాళ్లు కర్రలో కత్తులో తిప్పుతూ అడుగు వేస్తారు. పాటలో ఒక్క మాట అర్థం కాని కుర్రాడికి కూడా ఎక్కడ అడుగు మార్చాలో తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లలు పెద్దల కాళ్ల వైపు చూస్తూ నేర్చుకుంటారు. భాష చేయాల్సిన పని అక్కడ తాళం చేస్తోంది. ఎవరూ కూర్చోబెట్టి చరిత్ర చెప్పకుండానే, "ఇది మనది" అన్న మాట తర్వాతి తరానికి చేరిపోతోంది.

ఆ మర్ఫాను సిద్దీలు కూడా వాయిస్తారు కదా?

అవును. అది ఆఫ్రికా మూలాలున్న సిద్దీల సంగీతం కూడా. మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేట వాళ్లదే. నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం పేరే ఆ పేటకు వచ్చింది. ఆ సైనికులను మొదట వనపర్తి రాజా నిజాంకు ఇచ్చాడని చెబుతారు. వాళ్ల పూర్వికులు ఆఫ్రికాలో ఒకే ఊరివాళ్లు కారు, ఒకే భాషవాళ్లు కారు. ఇక్కడ ఒక దళంలో చేరారు, ఒక పేటలో కాపురం పెట్టారు, ఒక జాతి అయ్యారు. ఒకే వాద్యం రెండు జాతుల దగ్గర ఉండటంలో ఇబ్బంది ఏమీ లేదు. ఇద్దరికీ అది తమదే.

భాష ఒక్కటైతే జాతి ఒక్కటవుతుందా?

భాష చాలా పెద్ద బలం, కానీ అది ఒక్కటే చాలదు. దీనికి మన అనుభవం కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. 1956లో భాష ఆధారంగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పుస్తకాల భాష ఒకటే, పద్యాలు ఒకటే. కానీ జ్ఞాపకాలు రెండు. ఒకవైపు మద్రాసు ప్రెసిడెన్సీ, మరోవైపు నిజాం రాజ్యం. ఒకవైపు పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష. మరోవైపు ముల్కీ నిబంధనలు, 1952లో హైదరాబాద్‌లో ముల్కీ ఆందోళన మీద జరిగిన కాల్పులు, ఆ తర్వాత 1969 ఉద్యమం. ఒకరి ఇంట్లో పదేపదే చెప్పుకున్న కథ మరొకరి ఇంట్లో వినబడలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. నీళ్లు, నిధులు, ఉద్యోగాలు దీనికి కారణాలు కావని నేను అనను. కానీ ఆ కష్టాలను "మన" కష్టాలుగా లక్షలమంది అనుకోవడానికి ఉమ్మడి జ్ఞాపకం కావాలి. బతుకమ్మ ఆడుతూ వీధిలోకి వచ్చిన స్త్రీలు ఆ జ్ఞాపకాన్ని కంటికి కనబడేలా చేశారు.

భాషతోనే నిలబడిన జాతి ఉందా?

లంబాడీలు. బార్కాస్‌కు సరిగ్గా ఎదురు ఉదాహరణ. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సైన్యాల వెంట దక్కన్‌కు వచ్చినవాళ్లు. ఊరూరా తిరిగారు, తర్వాత తండాల్లో స్థిరపడ్డారు. తెలంగాణలో ఉన్నా, కర్ణాటకలో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో గోర్‌బోలీ మాట్లాడతారు. దానికి సొంత లిపి లేదు, ఇటీవలి దాకా బడిలో చోటు లేదు. అయినా నిలిచింది, ఎందుకంటే వలసలో స్త్రీలు కూడా వాళ్ల వెంటే ఉన్నారు. తల్లి నోట వచ్చే భాష తల్లితో పాటు వస్తుంది. బార్కాస్‌కూ తండాకూ ఉన్న అసలు తేడా ఇదే.

సేవాలాల్ మహరాజ్ కథలు, తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ పండగ, రాథోడ్, పవార్, చౌహాన్ వంటి వంశాల లెక్కలు ఆ భాషలోనే నడుస్తాయి. ప్రభుత్వం మాత్రం ఒకే జనాన్ని తెలంగాణలో షెడ్యూల్డ్ తెగగా, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులంగా లెక్కిస్తుంది.

1948లో ఏమైంది?

సెప్టెంబర్ 1948లో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. నిజాం దళాలు రద్దయ్యాయి. వందేళ్లుగా ఒక జనానికి జీతం, హోదా, పేరు ఇచ్చిన కొలువు పోయింది. అరబ్బులను విదేశీయులుగా చూశారు. నిర్బంధించారు, సముద్రం దాటించాలని చూశారు, కొందరిని పంపించారు కూడా. అప్పుడు అధికారులకు ఎదురైన చిక్కు ఈ వ్యాసంలోనిదే: అరబ్ అంటే ఎవరు? చాలామంది ఇక్కడే పుట్టారు, తల్లులు ఇక్కడివాళ్లు, హద్రమౌత్‌ను కంటితో చూడలేదు. అంతకుముందు గౌరవం తెచ్చిన పేరే ఇప్పుడు ప్రమాదం తెచ్చింది. పేరు మార్చుకుని నగరంలో కలిసిపోవడానికి కారణం కావాలంటే ఇంతకంటే పెద్దది ఉండదు. వాళ్లు మార్చుకోలేదు. ఆ కష్టకాలపు జ్ఞాపకం కూడా ఉమ్మడి కథలో చేరింది. గెలుపు కంటే దెబ్బే మనుషులను దగ్గర చేస్తుందని నా అభిప్రాయం. కొలువు నాటి వైభవం తెగలకో జమేదార్లకో చెందింది. 1948 మాత్రం అందరిదీ.

మందీ వాళ్ల పాత వంటకమేనా?

వంటకం హద్రమౌత్‌దే. కానీ బార్కాస్‌లో అది ఇంత పెద్ద గుర్తుగా మారడం ఇటీవలి సంగతి. 1970ల నుంచి గల్ఫ్‌లో ఉద్యోగాలు దొరకడం మొదలయ్యాక, అరబ్ పేరున్నవాళ్లకు, అక్కడ బంధువులున్నవాళ్లకు దారి కాస్త సులువైంది. మరుగున పడుతున్న పేర్లకు మళ్లీ విలువ వచ్చింది. తిరిగొచ్చినవాళ్లు వంటలు, దుస్తులు, అరబిక్ మాటలు తెచ్చారు. ఇప్పుడు నగరం నలుమూలల నుంచి జనం మందీ తినడానికి బార్కాస్‌కు వెళతారు. అలాగని దాన్ని నకిలీ అనడం అన్యాయం. జాతులన్నీ ఇలాగే పాతదాన్ని కొత్త సరుకుతో మరమ్మతు చేసుకుంటాయి.

అయితే ఎవరైనా ఏ జాతివాళ్లమైనా అని చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, కానీ చెల్లదు. మీ కథను లోపలివాళ్లు ఒప్పుకోవాలి, బయటివాళ్లూ ఆ పేరుతోనే పిలవాలి. నార్వే మానవ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో ఈ సరిహద్దుల గురించి రాశాడు. పఠాన్లలో కొందరు బలూచ్ నాయకుల కింద చేరి, కాలక్రమేణా బలూచీలు అయిపోవడాన్ని ఆయన వివరించాడు. మనుషులు గీత దాటారు, గీత మాత్రం అక్కడే ఉంది. దాటడానికి కూడా ఒక దారి ఉండాలి: ఆశ్రయం, పెళ్లి, కొత్త భాష, కొత్త పెద్దమనిషి. ఒక్క మనిషి ఇష్టంతో అది జరగదు, ఒక్క తరంలో కూడా సాధారణంగా జరగదు.

పుట్టుకకు విలువ లేదని కూడా దీనర్థం కాదు. బిడ్డ పుట్టిన ఇంట్లోనే ఆ కథ వింటాడు, ఆ తాళం నేర్చుకుంటాడు. పుట్టుక అతన్ని కథ దగ్గరికి చేరుస్తుంది. అదే ఇంట్లో పెంపుడు బిడ్డ పెరిగినా అదే నేర్చుకుంటాడు, కానీ వంశం పేరు దక్కుతుందా లేదా అన్నది మళ్లీ ఆ సమూహం నియమమే.

ఒక జాతి బలహీనపడుతోందని ఎలా తెలుస్తుంది?

భాష పోవడం, దుస్తులు మారడం పైకి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే చూస్తారు. నేను మూడు సంగతులు చూస్తాను. మొదటిది, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "ఎవరి వంశం?" అన్న ప్రశ్న ఇంకా వస్తోందా, జవాబును బట్టి ఏదైనా మారుతోందా. మారకపోతే ఆ పేరు అలంకారమే. రెండోది, కథ చెప్పేవాళ్లు ఇంటికి ఒకరైనా ఉన్నారా, లేక పేటంతటికీ ఒకరిద్దరు పెద్దలే మిగిలారా. మూడోది, కథలో ఊళ్ల పేర్లు ఉన్నాయా. "మా తాత షిహ్ర్ నుంచి ఓడెక్కాడు" అనే ఇంట్లో జ్ఞాపకం బతికి ఉంది. "మేం అరబ్ దేశం నుంచి వచ్చాం" అనే ఇంట్లో అది సన్నబడింది.

ఇలాంటి సమూహం గురించి తెలుసుకోవాలంటే ఎలా అడగాలి?

"మీరు నిజంగా అరబ్బులేనా?" అని అడగకండి. దానికి అవును తప్ప జవాబు రాదు, పైగా మనసు నొచ్చుకుంటుంది. పేర్లు అడగండి: మీ తాత తండ్రి పేరు ఏమిటి, ఎవరి జమేదారీలో పనిచేశారు, ఏ రేవు నుంచి వచ్చారు. ఆ తర్వాత, వీలైతే ఇంట్లోని ఆడవాళ్ల ద్వారా, నాయనమ్మలు ఏ ఊరివాళ్లో అడగండి. మొదటి ప్రశ్నలకు జవాబులు వెంటనే వస్తాయి, ఒక్కోసారి కాగితం మీద రాసిన వంశవృక్షమే బయటికి తీస్తారు. రెండోదానికి కాసేపు ఆలోచించాల్సి వస్తుంది, ఎవరినైనా పిలిచి అడగాల్సి వస్తుంది. రెండు జవాబులూ రాసుకోండి. రెండోదాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా బయటపెట్టకండి.